ఐసు సొంతంగా చేద్దామా, కొనుక్కుందామా?

మొన్న ఊరెళ్ళినప్పుడు మా బాబాయ్ ఒక ఫైలు చేతిలో పెట్టి "ఏరా, ఈ లెక్క కాస్త చూసిపెట్టు" అన్నాడు. గిలకలదిండి హార్బరులో కొందరు బోటు యజమానులు కలిసి రోజుకి 20 టన్నుల ఐస్ ఫ్యాక్టరీ పెట్టుకుందామని రాయించిన ప్రతిపాదన అది. బయట టన్ను 2000 రూపాయలకి కొంటున్నాం, మనమే చేసుకుంటే 1422కే పడుతుంది అని తేల్చారు.

కూడికలూ భాగహారాలూ అన్నీ కరెక్టే. తేడా అంతా దేనితో భాగించారన్న దాంట్లో ఉంది.

అప్పు వాయిదాలు, జీతాలు, కరెంటు కనీస ఛార్జీ, మరమ్మతులు కలిపి ఏడాదికి 60 లక్షలు. ఒక్క దిమ్మ కూడా చెయ్యకపోయినా ఇవి తప్పవు. ఇవి కాక, చేసిన ప్రతి టన్నుకీ 600. అందులో ఎక్కువ భాగం కరెంటే, ఎందుకంటే దిమ్మ ఐసుకి మన ఎండల్లో టన్నుకి 60-70 యూనిట్లు లాగేస్తుంది. ఆ 60 లక్షల్ని 7300 టన్నులతో భాగించి, 822 ప్లస్ 600 అన్నారు. 7300 అంటే 365 రోజులూ 20 టన్నులు అమ్ముడైనట్టు!

మరి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా? మిగిలింది 304 రోజులు. వాళ్ళ పాత బిల్లులు తిరగేస్తే సగటు వాడకం రోజుకి 10 టన్నులే. అంటే 3040 టన్నులు. ఇప్పుడు టన్ను ఖర్చు 2574. కొనుక్కోవడమే నయం. సొంత ఐసు గిట్టుబాటు కావాలంటే ఏడాదికి సుమారు 4290 టన్నులు, అంటే వేట ఉన్న ప్రతిరోజూ 14 టన్నులు కావాలి.

ఇదంతా చెప్తే బాబాయ్ "డబ్బు సంగతి సరే, అవసరమైన రోజున ఐసు దొరకదురా" అన్నాడు. అదీ నిజమే. మొగలో ఇసుక మేట అక్కడ పాత తలనొప్పి. పోటు చూసుకుని బోట్లన్నీ ఒకేసారి కదిలితే ఆరోజు 25 టన్నులు కావాలి, మర్నాడు ఏమీ అక్కర్లేదు. కానీ 20 టన్నుల ఫ్యాక్టరీ మాత్రం ఆరోజు సరిపోతుందా? దిమ్మ గట్టిపడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అప్పటికప్పుడు చెయ్యలేం.

అంటే వాళ్ళకి కావలసింది తయారీ కాదు, నిల్వ. వేడి చొరబడని ఒక గది సొంతంగా కట్టుకుని, రద్దీ లేని రోజుల్లో కొని నింపుకోవాలి. కరిగిపోయేదాన్ని కూడా లెక్కలో వెయ్యాలి. ఒక్క ఫ్యాక్టరీ మీదే ఆధారపడకుండా ఇద్దరితో ఒప్పందం రాసుకోవాలి, పోటు వేళకి సరుకు రాకపోతే జరిమానా సహా.

మిగిలిన ఐసు బయట అమ్ముకోవచ్చు అని ప్రతిపాదన చివర్లో ఒక వాక్యం ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అప్పుడు వాళ్ళు చేపల వ్యాపారంతో పాటు, ఐసు వ్యాపారంలోకి కూడా దిగినట్టే కదా! వేట నిషేధంలో కొనేదెవరో బాబాయ్ ఇంకా చెప్పలేదు.