హైరింగ్ ఫ్రీజ్: 90 రోజులు అనుకుంటే.. దాదాపు 9 నెలలు!

అమెరికా ఫెడరల్ ఉద్యోగాల భర్తీకి 2025 జనవరి 20న ట్రంప్ బ్రేక్ వేశారు. ఆ మధ్యాహ్నం 12 గంటలకు ఖాళీగా ఉన్న పోస్టు నింపొద్దు, కొత్త పోస్టు పెట్టొద్దు. మిలటరీ, ఇమిగ్రేషన్ ఎన్‌ఫోర్స్‌మెంట్, జాతీయ భద్రత, ప్రజా భద్రత ఉద్యోగాలకు మినహాయింపు ఇచ్చారు.

మరి అప్పటికే ఆఫర్‌కు ఓకే చెప్పినవాళ్ల సంగతేంటి? మేనేజర్లకు అందిన గైడ్‌లైన్స్‌లో కటాఫ్ ఫిబ్రవరి 8. అంటే ఫిబ్రవరి 3న చేరాల్సిన వ్యక్తి డ్యూటీకి వెళ్లొచ్చు. 10న చేరాల్సిన వ్యక్తికి మాత్రం ఆఫర్ రద్దే.

అత్యవసర పోస్టు అయినా మేనేజర్ సొంతంగా నింపే వీలు లేకపోయింది. సిబ్బంది వ్యవహారాలు చూసే ఓపీఎంకు, ఆ సంస్థ అధిపతి సంతకంతో లేఖ వెళ్లాల్సి వచ్చింది. పోస్టు ఎందుకు కీలకం, ఉన్నవాళ్లతో ఎందుకు సర్దలేం, నింపకపోతే ఏం ఆగిపోతుంది.. ఈ మూడూ అందులో చెప్పాల్సి వచ్చింది. ‘పని ఎక్కువైంది’ అంటే సరిపోయేది కాదు. ఫ్రీజ్‌ను తప్పించుకోవడానికి బయటి కాంట్రాక్టర్లను పెట్టుకోవడాన్నీ నిషేధించారు.

అసలు చిక్కు గడువుతోనే వచ్చింది. 90 రోజుల్లో సిబ్బంది తగ్గింపు ప్లాన్ రావాలి, అది రాగానే ఐఆర్‌ఎస్‌లో తప్ప ఫ్రీజ్ ముగుస్తుందన్నారు. కానీ ఏప్రిల్‌లో దాన్ని జులై 15 వరకు, జులైలో మళ్లీ అక్టోబర్ 15 వరకు పొడిగించారు. మూడు నెలలు ఎలాగోలా నెట్టుకొద్దామనుకున్న మేనేజర్ల లెక్క అక్కడే తప్పింది.