పాల రంగు రక్తం.. క్లోమానికి గండం!

రక్తపరీక్ష రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నాయంటే మనకు ముందుగా గుండె గుర్తొస్తుంది. 200, 300 ఉన్నప్పుడు ఆ భయం సబబే. కానీ డెసిలీటరు రక్తంలో అవి 1000 మిల్లీగ్రాములు దాటితే ముందు ముప్పు గుండెకు కాదు. జీర్ణాశయం వెనక ఒదిగి ఉండే క్లోమానికి, అంటే పాంక్రియాస్‌కు!

ఉదాహరణకు 38 ఏళ్ల ఒకాయన ఉన్నాడనుకుందాం. ఆరేళ్లుగా మధుమేహం ఉంది. బాగానే ఉన్నాను కదా అని రెండు నెలలుగా మాత్రలు మానేశాడు. ఓ ఆదివారం విందులో బిర్యానీ, మద్యం రెండూ కాస్త ఎక్కువయ్యాయి. రాత్రి పొట్ట పైభాగంలో నొప్పి మొదలైంది. ‘గ్యాస్ పట్టేసింది’ అనుకుని సోడా తాగాడు, మాత్ర వేసుకున్నాడు. తెల్లారేసరికి నొప్పి వీపులోకి పాకింది. వాంతులైనా ఉపశమనం లేదు. పడుకుంటే భరించలేక ముందుకు వంగి కూర్చున్నాడు. ఆస్పత్రిలో తీసిన రక్తాన్ని కాసేపు గొట్టంలో ఉంచితే పైన తేరిన ద్రవం పాలలా తెల్లగా ఉంది. ట్రైగ్లిజరైడ్లు 2,800, షుగర్ 410!

అసలేం జరిగింది?

మనం తిన్న కొవ్వును పేగులు పెద్దపెద్ద రేణువులుగా చుట్టి రక్తంలోకి పంపుతాయి. వీటినే కైలోమైక్రాన్లు అంటారు. రక్తనాళాల గోడలపై ఉండే ఒక ఎంజైము వీటిని ఎప్పటికప్పుడు విడగొడుతుంటుంది. ఆ ఎంజైము సరిగా పనిచెయ్యాలంటే ఇన్సులిన్ కావాలి. మధుమేహం అదుపు తప్పినప్పుడు ఆ పని కుంటుపడుతుంది. మద్యం వల్ల కాలేయం కూడా మరింత కొవ్వును తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ. అలా రక్తం పాలరంగుకు మారుతుంది.

కొవ్వును అరిగించే లైపేజ్ తయారయ్యేది క్లోమంలోనే. అందులో కొంత పక్కనున్న సన్నని రక్తనాళాల్లోకి చేరి, అక్కడి ట్రైగ్లిజరైడ్లను కొవ్వు ఆమ్లాలుగా విరగ్గొడుతుంది. మామూలుగా అయితే రక్తంలోని అల్బుమిన్ ఆ ఆమ్లాలను పట్టి ఉంచుతుంది. అవి దాని శక్తికి మించిపోతే మాత్రం క్లోమం కణాలను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణాల నుంచి మరిన్ని ఎంజైములు బయటపడతాయి. దాంతో వాపు పెరుగుతూ పోతుంది. అందరికీ ఇలా జరగాలనేం లేదు. 1000 దాటినవారిలో సుమారు నూటికి ఐదుగురికి, 2000 దాటితే పది నుంచి ఇరవై మందికి ఈ ముప్పు ఉంటుందని అంచనా.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, గంటలు గడిచినా తగ్గకపోవడం, ఆగని వాంతులు.. ఈ మూడూ కలిస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. గ్యాస్ నొప్పి త్రేన్పు వచ్చాకో, వాంతి అయ్యాకో కొంత సర్దుకుంటుంది. ఇది సర్దుకోదు. వీటికి తోడు ఆయాసం, మూత్రం తగ్గటం, మగత, గుండెదడ ఉంటే ఇతర అవయవాలపైనా ప్రభావం పడుతోందని అర్థం. అప్పుడు ప్రతి గంటా విలువైనదే.

కొందరికి ముందే ఓ హెచ్చరిక కనిపిస్తుంది. పిరుదులు, మోచేతులు, మోకాళ్లపై చిన్నచిన్న పసుపుపచ్చని పొక్కులు గుంపులుగా వస్తాయి. వీటిని వేడి పొక్కులని వదిలెయ్యకుండా ట్రైగ్లిజరైడ్లు చూపించుకోవాలి.

ఆస్పత్రికి వెళ్లినప్పుడు షుగర్, మద్యం, పాత కొలెస్ట్రాల్ రిపోర్టుల సంగతి దాచకుండా చెప్పాలి. ఎందుకంటే రక్తంలో కొవ్వు మరీ ఎక్కువుంటే అమైలేజ్ పరీక్ష మామూలుగా వచ్చి మభ్యపెట్టొచ్చు. అందుకే లైపేజ్ పరీక్ష మీద ఎక్కువ ఆధారపడతారు. తిండి ఆపి సెలైన్ పెడితే రెండు మూడు రోజుల్లోనే ట్రైగ్లిజరైడ్లు బాగా పడిపోతాయి. కాబట్టి తొలిరోజే కొలవకపోతే అసలు కారణం దొరక్కుండా పోతుంది.

మన ఉదాహరణలోని వ్యక్తికి సెలైన్, నొప్పి మందులతో పాటు సిరలోకి ఇన్సులిన్ ఇస్తారు. దాంతో షుగరూ తగ్గుతుంది, కొవ్వును విడగొట్టే ఎంజైమూ పుంజుకుంటుంది. ఇంటికెళ్లాక అసలు పరీక్ష మొదలవుతుంది. ట్రైగ్లిజరైడ్లను 500 లోపు ఉంచాలి. మద్యం పూర్తిగా మానాలి. షుగర్ మాత్రలు, వైద్యులు రాసిన ఫైబ్రేట్ మందు ఆపకూడదు. ‘కొలెస్ట్రాల్ లేని నూనె’ అని చీటీ ఉన్నా మోసపోవద్దు. ఏ నూనె అయినా ట్రైగ్లిజరైడే! ఒక పెద్ద చెంచాలో దాదాపు 14 గ్రాముల కొవ్వు ఉంటుంది. వెయ్యి దాటినవారికి వైద్యులు కొన్నాళ్లపాటు రోజు మొత్తానికి ఇరవై, ముప్ఫై గ్రాములు మించవద్దని చెప్పొచ్చు. అంటే తాలింపు నూనెనూ లెక్కపెట్టాల్సిందే.