పవరూ శక్తే, ఎనర్జీ శక్తేనా?

2021లో ఏఐసీటీఈ తెలుగులో కూడా ఇంజనీరింగ్ చెప్పొచ్చు అనింది. మరి సిలబస్‌ని తెలుగులో ఎట్లా రాయాల? మా చిత్తూరు పక్క కాలేజీల్లో ఉండే జేఎన్‌టీయూ అనంతపురం ఆర్23 సిలబస్ తీసుకోండి. ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రికల్‌లో కరెంటు బిల్లు లెక్క ఉండాది. ఇంట్లో సామాన్ల పవర్ రేటింగ్, యూనిట్ అంటే ఏంది, టూ-పార్ట్ టారిఫ్.

నేను దాన్ని తెలుగు చేస్తా, పవర్‌కీ ఎనర్జీకీ రెండిటికీ 'శక్తి' అనే రాసేసినా. ఆడనే లెక్క చెడింది. 75 వాట్ల ఫ్యాను 10 గంటలు తిరిగితే 750 వాట్-అవర్, అంటే 0.75 యూనిట్. 75 వాట్లు పవర్, 0.75 యూనిట్ ఎనర్జీ. టూ-పార్ట్ టారిఫ్‌లో ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్ల లోడ్‌ని బట్టి పడతాది, ఎనర్జీ ఛార్జీ కాల్చిన యూనిట్లని బట్టి పడతాది. రెండూ శక్తే అంటే ఏది దేనికో పిల్లోడికెట్లా తెలుస్తాది?

స్కూలు పుస్తకంలో పవర్‌కి 'సామర్థ్యం' అని ఉంది. మాటల్లో మాత్రం సామర్థ్యం అంటే మనిషి సత్తా. పైగా మీటరు మీద, ఫ్యాను మీద ఆ మాట యాడా కనపడదు.

అందుకే తిరగరాసినా: "ఇంట్లో ఒక్కో సామాను పవర్ రేటింగ్ ఎంత, అది వాడిన ఎనర్జీ ఎన్ని యూనిట్లు, టూ-పార్ట్ టారిఫ్ ప్రకారం బిల్లు ఎంతో లెక్క కట్టడం."

పేర్లు ఇంగ్లీషువి, చెయ్యాల్సిన పని తెలుగులో. ఈ లైను చదివినోడు తన ఇంటి బిల్లు తీసి లెక్క కట్టగలిగితే తర్జుమా సరిపోయినట్టే.