ఒకే గిన్నె, రెండు పళ్లేలు

పళ్లు ఊడిన పెద్దవారికి ఏం పెట్టాలి అని ఏ ఇంట్లో అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: "మెత్తగా కలిపిన పెరుగన్నం." తినడానికి సుఖమే, అరగడానికీ సుఖమే. కాని నాలుగు వారాలు గడిచేసరికి ఆ పెద్దాయన పొద్దున్నే దొడ్డివైపు వెళ్లి అరగంటకు గాని తిరిగి రాడు. మజ్జిగలో, పెరుగులో పీచు బొత్తిగా లేదు. తెల్ల బియ్యంలో ఉన్నదీ స్వల్పమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికలు చూస్తే, 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు సుమారు 3 గ్రాములు. అదే 100 గ్రాముల జొన్నల్లో 10 గ్రాములు. రోజుకు 150 గ్రాముల బియ్యం వండుకుని పెరుగుతో తినే మనిషికి దక్కే పీచు 5 గ్రాములు దాటదు. కావలసింది 25 నుంచి 30 దాకా.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఇది మరీ విచిత్రంగా తోస్తుంది. జొన్న, సజ్జ, కంది మీద పరిశోధించే ఇక్రిశాట్ 1972 నుంచీ పటాన్‌చెరులోనే ఉన్నది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు డెబ్బై దాటినవారు చిన్ననాడు జొన్న రొట్టె, జొన్న గటక తిని పెరిగినవారే. పళ్లు పోగానే రొట్టె పోయింది. రొట్టెతోపాటు జొన్నా పోయింది. రొట్టె నమలలేరు, నిజమే. జొన్న తినలేరన్నది మాత్రం నిజం కాదు.

నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. కొడుకు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. వంట, పెద్దల సంరక్షణ కోడలివి. మామగారికి రెండు దవడలకూ కలిపి నాలుగు పళ్లు మిగిలాయి. మింగడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. అత్తగారికి పక్షవాతం వచ్చి తగ్గింది గాని, మింగడం మునుపటిలా లేదు. నీళ్లు తాగితే దగ్గు వస్తుంది. ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి, ముద్దగా మెదిపినదే పెట్టమనీ, నీళ్లు ఏ తీరున ఎంతెంత ఇవ్వాలో నేర్పీ పంపారు. ఇద్దరికీ మలబద్ధకం. "పొట్ట రాయి లెక్క ఉన్నది బిడ్డా" అని మామగారు రోజూ అంటారు. అత్తగారు అనలేదు గాని, నాలుగు రోజులకొకసారి గాని ఆమెకు విరేచనం కాదు.

పొరుగువారు ఇసబ్‌గోల్ తెచ్చి ఇచ్చారు. ఇక్కడే జాగ్రత్త కావాలి. ఆ పొట్టు నీరు తగలగానే ఉబ్బి బంక అవుతుంది. నిండు గ్లాసు నీళ్లతో గటగట తాగగల మామగారికి అది మేలు చేయవచ్చు. మింగడం కష్టమైన అత్తగారికి అదే పొట్టు గొంతులోనే ఉబ్బి అడ్డం పడే ప్రమాదం ఉన్నది. గోధుమ తవుడు పొడిగా చల్లి పెట్టడమూ అంతే. కనుక పీచు మందు రూపంలో కాక, ఉడికి నీరు పీల్చుకున్న ఆహారంలోనే అందాలి.

"మెత్తగా రుబ్బితే పీచు పోదూ?" అని కోడలు అడిగింది. చాలామందికి ఈ సందేహం ఉన్నది. రుబ్బితే పీచు పోదు. పొట్టి ముక్కలవుతుంది, అంతే. పీచు పోయేది జల్లించినప్పుడూ, పొట్టు తీసినప్పుడూ, వడకట్టి పిప్పి పారేసినప్పుడూ. పీచుకు శత్రువు జల్లెడ, రోలు కాదు. పళ్లు చేయవలసిన పనిని రోలో మిక్సీయో చేస్తే చాలు.

ఆ ఇంట్లో మొదలుపెట్టింది జొన్న గటకతో. పొట్టు తీయని జొన్నలను సన్నరవ్వగా పట్టించి, జల్లించకుండా ఉంచుకోవాలి. ఇద్దరికి ఒక చిన్న గ్లాసు, అంటే 80 గ్రాముల రవ్వ సరిపోతుంది. రాత్రి రెండు గ్లాసుల నీళ్లలో నానబెట్టాలి. పొద్దున మరి నాలుగు గ్లాసుల నీళ్లు, ఉప్పు చేర్చి కుక్కరులో పెట్టి, మొదటి కూత వచ్చాక సన్న సెగమీద 20 నిమిషాలు ఉంచి, ఆవిరి తనంతట తాను దిగనివ్వాలి. తర్వాత పప్పుగుత్తితో బాగా మెదపాలి. రెండు వేళ్ల మధ్య నలిపితే రవ్వ పలుకు తగలకూడదు. తగిలితే మరికొన్ని నీళ్లు పోసి ఇంకొంచెంసేపు ఉడికించాలి.

ఇక్కడినుంచి గిన్నె ఒకటే, పళ్లేలు రెండు. మామగారి గటకలో మజ్జిగ పోసి ఇస్తే ఆయన హాయిగా తాగుతారు. అత్తగారికి ఆ మజ్జిగ గటక పెట్టకూడదు. పలుచని నీరూ, అందులో పలుకులూ కలిసిన పదార్థం మింగడంలో అన్నిటికన్నా కష్టమైనది. పలుకును నాలుక ఇంకా కూడదీసుకుంటుండగానే మజ్జిగ ముందుగా జారి శ్వాసనాళంలోకి పోవచ్చును. చారన్నం, పాలల్లో నానిన అటుకులు కూడా ఇదే జాతి. అందుచేత ఆమె వంతు గటకను మిక్సీలో వేసి, చిలికిన గట్టి పెరుగు, చెంచాడు నెయ్యి కలిపి ఏకంగా చేయాలి.

సరిగ్గా ఉన్నదో లేదో ఎలా తెలుస్తుంది? చెంచాతో తీసి చెంచాను పక్కకు వంచండి. ముద్ద ఆకారం చెడకుండా ఒక్క పెట్టున జారి పడి, చెంచాలో దాదాపు ఏమీ మిగలకపోతే సరే. నీళ్లలా కారితే పలుచన. చెంచాను పట్టుకుని వదలకపోతే జిగురు. అది అంగిటికీ గొంతుకూ కూడా అలాగే అంటుకుంటుంది. గటక చల్లారితే బిగుసుకుంటుంది కనుక ఈ పరీక్ష పొయ్యి దగ్గర కాదు, నోటికి అందించే ముందు చేయాలి. బిగిస్తే వేడినీళ్లు కలిపి మళ్లీ మెదపాలి. మామగారివంటి వారికి ఇంత పట్టింపు అక్కరలేదు. ముక్క ఏదైనా ఫోర్కుతో నొక్కితే సులువుగా చితికితే చాలు.

మధ్యాహ్నం తోటకూర పప్పు. 60 గ్రాముల కందిపప్పు, 200 గ్రాముల తోటకూర ఇద్దరికి. కాడలు ఏరివేసి ఆకు మాత్రమే తీసుకుని, వండే ముందే అడ్డంగా సన్నగా తరగాలి. పొడుగు ఆకు ఉడికాక దారంలా సాగి గొంతులో సగం లోపల, సగం బయట నిలుస్తుంది. పప్పుతోపాటు కుక్కరులో ఉడికించి మెదిపితే మామగారికి సరే. అత్తగారిది మిక్సీలో ఒక తిప్పు తిప్పాలి. పోపు మాట మరవకండి. ఇంత మెత్తగా చేసిన పప్పులో ఆఖరున ఆవాలు, ఎండుమిరప తునకలు, కరివేపాకు పడితే పడ్డ శ్రమంతా వృథా. కరివేపాకు రేక చిగుళ్లకూ, గొంతుకూ అంటుకునేదే. నేతిలో పోపు వేయించి, ఆ నేతిని వడకట్టి పప్పులో పోయండి. వాసన వస్తుంది, తునకలు రావు. వడకట్టవలసింది పోపును, పప్పును కాదు.

సాయంత్రం నానబెట్టి ఉడికించిన బొబ్బర్లు, మనిషికి 30 గ్రాములు, పొట్టుతో సహా మెత్తగా రుబ్బి, ఉడికించిన నీళ్లతోనే జారుగా చేసి ఉప్పు, జీలకర్ర పొడి కలిపి పెట్టవచ్చును. రుబ్బని బొబ్బర్ల పొట్టు ఊడి అంగిటికి అంటుకుంటుంది. మాగిన బొప్పాయి ఒక పెద్ద ముక్క మెదిపి పెట్టాలి. సంగారెడ్డి జామపండు మంచిదే గాని, దాని గింజలు నమలలేని నోటికి పనికిరావు; ఉడికించి గింజల వరకు తీసివేసి గుజ్జు పెట్టండి. రాత్రికి మెత్తని అన్నం, సొరకాయ కూర.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఒక్క మనిషికి. గటకలో 4 గ్రాములు, రెండు పూటల కొద్దిపాటి అన్నంలో 2, కందిపప్పులో 3, తోటకూరలో 4, బొబ్బర్లలో 3, బొప్పాయిలో 4, సొరకాయలో 2. మొత్తం 22 గ్రాములు. ఐదు ఉన్నచోట ఇరవై రెండు! పంటితో కొరకవలసినది ఒక్కటీ లేదు.

ఐతే ఇదంతా రేపే మొదలుపెట్టకండి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బి, పెద్దవారు గటక పేరెత్తితేనే వద్దంటారు. మొదటి వారం గటక ఒక్కటే. రెండవ వారం ఆకుకూర. మూడవ వారం బొబ్బర్లు. నీళ్లు కూడా పెరగాలి. నీరు చాలని పీచు పేగులో గట్టిపడి మలబద్ధకాన్ని ఇంకా పెంచుతుంది. మింగగలవారు రోజుకు ఆరేడు గ్లాసులు తాగవచ్చును. గుండె, మూత్రపిండాల జబ్బుకు డాక్టరు నీళ్లు తగ్గించి ఉంటే ఆయన చెప్పిన కొలతే పాటించాలి. అత్తగారికి థెరపిస్టు నేర్పిన తీరునే, కొద్దికొద్దిగా, పలుమార్లు ఇవ్వాలి.

పళ్లు లేకపోవడం ఒకటి, మింగలేకపోవడం ఇంకొకటి. ఈ రెంటినీ ఒకటిగా చూడడమే ఇళ్లలో జరిగే పొరపాటు. తింటున్నప్పుడో, తిన్న వెంటనో దగ్గు, మాటలో గరగరమనే తడి ధ్వని, బుగ్గలో నిలిచిపోయిన ముద్ద, తరచు జ్వరం, ఆయాసం, తగ్గిపోతున్న బరువు — వీటిలో ఏది కనిపించినా మెత్తగా వండడంతో సరిపెట్టుకోక మింగడం పరీక్ష చేయించాలి. మింగడం హఠాత్తుగా చెడి, దాంతోపాటు మూతి వంకర, మాట తడబాటు ఉంటే తెల్లవారేదాకా ఆగకండి. అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మలబద్ధకం కొత్తగా మొదలై రక్తం పడినా, కడుపు ఉబ్బి వాంతులైనా అది గటకతో తీరేది కాదు.

ఇక పెట్టే తీరు. మంచంమీద పడుకోబెట్టి ఎన్నడూ తినిపించవద్దు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగారని చూశాకే రెండవది అందించాలి. టీవీ ఆపితే మంచిది. నవ్వినా, మాట్లాడినా ముద్ద దారి తప్పుతుంది. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. ఆ తర్వాత తడిగుడ్డతోనో మెత్తని బ్రష్షుతోనో చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపలి భాగం శుభ్రం చేయాలి. పళ్లే లేనప్పుడు తోమడమెందుకని అనుకోకండి. నోట్లో మిగిలిన మెతుకులో పెరిగిన సూక్ష్మజీవులు ఉమ్మితో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. గటక ఎంత మెత్తగా కుదిరినా, ఈ అయిదు నిమిషాల పని మానరాదు.