నుక్తా దశాంశం కాదు, భాయ్

ఉర్దూ చదివినవాళ్లకు నుక్తా విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘ఖుదా’ రాసేచోట పైన ఉండాల్సిన నుక్తా కిందికి జారితే అది ‘జుదా’ అవుతుంది. ఒక్క చుక్కతో మాట మొత్తం మారిపోతుందని మా ఉస్తాద్ పలక మీద రాసి చూపించేవారు. ఇంత తెలిసిన మన కౌమ్ భూమి కాగజ్ దగ్గరికొచ్చేసరికి ఆ చుక్కను అస్సలు పట్టించుకోదు. పహాణీ ఫోటో వాట్సాప్‌లో వస్తుంది. దాంట్లో 3.20 అని ఉంటుంది. ఎవరో ఒకరు ఫోన్‌లో ఎకరాల గడిలో 3.20 కొట్టి, చదరపు మీటర్లు ఎన్నో చూసి, అదే ఆఖరి ఫైసలా అంటారు. ఈ అలవాటు మీద నాకు చాలా కోపం. ఎందుకంటే దీనివల్ల పోయేది ఎక్కువగా ఆడపిల్లల హక్కే.

తెలంగాణ కాగజ్‌లో 3.20 అంటే మూడు ఎకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు. అంటే ఇరవై గుంటలంటే సరిగ్గా అర ఎకరం. ఆ భూమి మూడున్నర ఎకరాలు, మూడు పాయింట్ రెండు కాదు. అక్కడున్న చుక్క దశాంశం కాదు. అణాలు ఉన్న రోజుల్లో రూపాయికీ అణాకూ మధ్య పెట్టే గీత లాంటిది, రెండు గడులను విడదీస్తుందంతే. పాత పట్వారీలు అక్కడ గీతే గీసేవారు, 3-20 అని. గీతను చుక్క చేసినవాళ్లు కంప్యూటర్లు నింపినవాళ్లు. ఇప్పటి తెలంగాణ కాగజ్‌లలో ఇంకో అడుగు ముందుకేసి 3.2000 అని వేస్తున్నారు. చుక్క తర్వాత మొదటి రెండు అంకెలు గుంటలు, ఆ తర్వాతి రెండు గుంటలో వందో వంతులు. చూసినవాడికి అది పక్కా దశాంశంలాగే కనిపిస్తుంది. రైతు చదివే కాగజ్‌ను ఇలా రాయడం జుల్మ్ అనే నేనంటాను.

ఆంధ్రలో ఈ గొడవ లేదు. అక్కడ ఎకరానికి వంద సెంట్లు. 3.20 అంటే మూడు ఎకరాల ఇరవై సెంట్లు. దాన్ని దశాంశంగా చదివినా లెక్క తప్పదు. మద్రాసు సర్కారు కింద ఉన్న ప్రాంతానికి సెంటు వచ్చింది, నిజాం రాజ్యంలో గుంట నిలిచింది. కర్నూలు నుంచి తుంగభద్ర దాటి గద్వాల వైపు వెళ్తే చాలు, అదే అంకె ఇంకో అర్థం ఇస్తుంది. మన ఇళ్లలో నదికి అటూ ఇటూ రిష్తాలు ఎన్నో ఉన్నాయి. కర్నూలు అల్లుడు గద్వాల మామగారి కాగజ్‌ను తన సెంట్ల అలవాటుతో చదువుతాడు. అందులో అతని నియ్యత్ చెడ్డదేమీ కాదు. కానీ లెక్క చెడిపోతుంది.

నాకు తెలిసిన ఒక ఖాందాన్‌లో జరిగింది చెప్తాను. పేర్లు, ఊరు అడగొద్దు. అబ్బా, అమ్మీ ఇద్దరూ పోయారు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. షరీయత్ ప్రకారం ఐదు వంతులు చేసి, అన్నదమ్ములకు రెండేసి, చెల్లెలికి ఒకటి అనుకున్నారు. దాంట్లో ఎవరికీ ఏతరాజ్ లేదు. పెద్దాయన జెద్దాలో ఉంటాడు. చెల్లెలి వాటా తనే కొంటానన్నాడు. అక్కడ జమీన్ అంటే చదరపు మీటర్లే కాబట్టి మీటరుకు ఇంత అని రేటు మాట్లాడుకున్నారు. చిన్నోడు పహాణీలో మొత్తం రాసిన గడిని మాత్రమే ఫోటో తీసి పంపాడు. అందులో 3.20 ఉంది. పెద్దాయన దాన్ని అలాగే ఎకరాల కింద కొట్టాడు. 12,949.94 చదరపు మీటర్లు వచ్చింది. ఐదో వంతు 2,589.99.

అసలు హిసాబ్ ఇదీ. మూడు ఎకరాలంటే నూట ఇరవై గుంటలు. దానికి ఇరవై కలిపితే 140 గుంటలు. గుంట అంటే ముప్పై మూడు అడుగుల పొడవు, ముప్పై మూడు అడుగుల వెడల్పు ఉన్న చదరం. అది 1,089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు, మీటర్లలో 101.1714. 140 గుంటలను దానితో గుణిస్తే 14,164 చదరపు మీటర్లు వస్తుంది. చెల్లెలి వంతు 28 గుంటలు, అంటే 2,832.80 మీటర్లు. ఆమె చేతికి రావాల్సిన దాంట్లో 242.81 మీటర్లు మాయమయ్యాయి. మన గజాల్లో చెప్తే 290 పైన. ఊరి పక్కన 290 గజాలంటే ఒక ఇల్లు కట్టుకునే జాగా. ఆ జాగాను ఒక చుక్క మింగేసింది.

ఆ తప్పును పట్టుకున్నది చెల్లెలి కొడుకు. వాడు చేసిన పని చాలా సాదా. మామూ పంపిన ముక్క ఫోటో వద్దు, పేజీ మొత్తం పంపండి అన్నాడు. పేజీలో మూడు సర్వే నంబర్లు ఉన్నాయి. ఒకటి 1.15, ఒకటి 0.25, ఇంకొకటి 1.20. కింద మొత్తం 3.20. ఇప్పుడు మీరే కూడండి. పదిహేను, ఇరవై ఐదు, ఇరవై కలిపితే అరవై. అవి సెంట్లయితే మొత్తం 2.60 ఉండాలి. కాగజ్‌లో 3.20 ఉంది. అంటే అరవైలోంచి నలభై తీసి ఒక ఎకరం చేశారు, ఇరవై మిగిలింది. నలభై దగ్గర ఎకరం మారిందంటే అవి గుంటలే, ఇక బహస్ అక్కర్లేదు. ఈ పరీక్ష ఏ కాగజ్ మీదైనా పనిచేస్తుంది, కూడిక నలభై దాటితే చాలు. ఇంకో గుర్తు కూడా ఉంది. చుక్క తర్వాత రెండు అంకెలు నలభై గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అవి గుంటలు కానే కావు. తక్కువ ఉన్నంత మాత్రాన గుంటలని అనుకోవడానికి మాత్రం లేదు. అప్పుడు పైన గడి తల చూడాలి, ‘ఎ.గుం’ అని ఉందా ‘ఎ.సెం’ అని ఉందా అని. మనవాళ్లు ఫోటో తీసేటప్పుడు మొదట కోసేసేది ఆ తలనే.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. పట్వారీ 1-5 అని రాసేవాడు, అంటే ఒక ఎకరం ఐదు గుంటలు. ఫోటోలో గీత చుక్కలా కనిపిస్తుంది. 1.5 ఎకరం అని కొడితే 6,070 మీటర్లు వస్తుంది. అసలున్నది 45 గుంటలు, అంటే 4,552.7 మీటర్లు. లేని పదిహేను గుంటలను కొన్నవాడికి అమ్మినట్టు అవుతుంది, కోర్టు మెట్లు అక్కడినుంచే మొదలు. ఆంధ్ర కాగజ్‌లోనూ ఈ ముప్పు ఉంది. ఐదు సెంట్లను 05 అని కాకుండా ఉత్త 5 అని రాస్తే యాభై సెంట్లు అయిపోతుంది. 

ఇక తాతల కాలం సేత్వార్ ఫోటోల సంగతి. ఇక్కడ ఉర్దూ మీడియంలో చదివినందుకు నాకు కాస్త పని దొరుకుతుంది. ఉర్దూలో సున్నా అంటే చుక్క (۰). ఐదు (۵) మూసిన చిన్న గుండ్రం, మసక ఫోటోలో మన తెలుగు సున్నాలాగే ఉంటుంది. అందుకని ۳۵ గుంటలను పిల్లలు 30 అని చదువుతారు. ۲۰ చూసి చివరి చుక్కను సిరా మచ్చ అనుకొని 2 అని రాసుకుంటారు. రెండుకూ (۲) మూడుకూ (۳) ఫర్క్ ఒక్క పన్ను మాత్రమే. పట్టిక కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి, ఎకరాలు, గుంటలు వేరే గడుల్లో ఉంటే ఏది ఏదో తల చదివాకే తేల్చుకోవాలి. ఇంట్లో ఉర్దూ చదవగల నానీమా ఉంటే ముందు ఆమెకు చూపించండి. ఫోన్ తర్వాత సంగతి.

సరిగ్గా లెక్క చేయడం కష్టమా అంటే అస్సలు కాదు. ఎకరాలను ఒక గడిలో, గుంటలను ఇంకో గడిలో పెట్టాలి, అంతే. ఒకే గడిలో రెండూ కుక్కినప్పుడే ఫసాద్ మొదలవుతుంది. లెక్కల షీట్‌లో A2 ఎకరాలు, B2 గుంటలు అనుకుంటే మొదటి వరుస వాడండి. సెంట్లయితే రెండోది.

```
=(A2*40+B2)*101.17141056
=(A2*100+B2)*40.468564224
```

కొందరు బ్రోకర్లు ‘గుంటకు వంద మీటర్లు, సీదా హిసాబ్’ అంటారు. ఆ సీదా హిసాబ్‌లో 140 గుంటల మీద 164 మీటర్లు పోతాయి. ఇంకొందరు గజం, మీటరు ఒకటే అన్నట్టు మాట్లాడతారు. చదరపు గజం అంటే 0.836 చదరపు మీటరు మాత్రమే. ఎకరం 4,840 గజాలు, మీటర్లలో 4,047. అది ఇది అయితే ఎనిమిది వందల మీటర్లు గాల్లోంచి పుట్టాలి.

నాతో బహస్ చేసేవాళ్లు ఒక మాట అంటారు. ‘ఎన్ని మీటర్లు రాసుకుంటే ఏం, సర్వేయర్ వచ్చి గొలుసు వేస్తే తేలిపోతుంది కదా, చివరికి నిలిచేవి హద్దులే కదా.’ హద్దుల మాట నిజమే. పోట్ ఖరాబ్ ఎంతో, గట్టు ఎటు జరిగిందో కాగజ్ చూసి మీటర్లుగా మారిస్తే తెలియదు. నేను చెప్పే హిసాబ్ కాగజ్‌లో ఏముందో చెప్తుంది, నేల మీద ఏముందో కాదు. కానీ సర్వేయర్ ఎప్పుడొస్తాడు? బయానా ఇచ్చాక, రేటు కుదిరాక, చెల్లెలు దస్తఖత్ పెట్టాక. పైగా ఆ జెద్దా భాయ్ కొంటున్నది విడిగా కొలిచే ముక్క కాదు, వంతు. దాని పైసలు ఆ మీటర్ల అంకె మీదే లెక్కకట్టారు. హద్దులు ఎంత పక్కాగా ఉన్నా, ఆ 242 మీటర్ల పైసలు ఆమె చేతికి వచ్చేవి కావు.

అందుకే తక్సీమ్‌నామాలో ఉత్త అంకె రాసుకోనివ్వొద్దంటాను. ‘మూడు ఎకరాల ఇరవై గుంటలు, అనగా నూట నలభై గుంటలు, అనగా 14,164 చదరపు మీటర్లు’ అని అక్షరాల్లో రాయమనండి. రాసే ముందు పేజీ మొత్తం, తల నుంచి మొత్తం వరకు, వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి, అంకెలు మసకబారవు. ఎవరైనా ఇదంతా ఎందుకు, అపనమ్మకమా అంటే, అన్నదమ్ముల ముందే ఆ మూడు వరుసలనూ కూడి చూపించమని అడగండి.