సెంటు సీసా అసలుదేనా? అడుగున ఉన్న కోడ్ ఎంతవరకు చెబుతుంది

పెళ్లికొడుక్కి ఇచ్చే సామాన్లలో విదేశీ సెంటు సీసా ఇప్పుడు చాలా ఇళ్లల్లో మామూలే. షాపులో ఎనిమిది వేలు చెప్పే సీసా ఆన్‌లైన్‌లో మూడు వేలకే కనబడితే ఎవరైనా ఆర్డర్ పెట్టేస్తారు. అనుమానం వచ్చేది డబ్బా చేతికొచ్చాకే.

అప్పుడు అందరూ మొదట చేసే పని, బ్యాచ్ కోడ్‌ను ఏదో ఒక వెబ్‌సైట్‌లో కొట్టి చూడడం. తయారీ తేదీ వస్తే "అసలుదే" అని ఊపిరి పీల్చుకుంటారు. పొరపాటు ఇక్కడే. ఆ సైట్లు కోడ్‌లోని తేదీని మాత్రమే చదువుతాయి, సీసా ఎవరు నింపారో వాటికి తెలియదు. నకిలీ చేసేవాడు ఒక అసలు సీసా కొని, దాని కోడ్‌నే వేల డబ్బాల మీద అచ్చేయొచ్చు. అంటే కోడ్ తప్పయితే అనుమానించాలి గానీ, కోడ్ సరిపోయినంత మాత్రాన నమ్మకూడదు.

కోడ్‌ను వాడాల్సింది పోల్చడానికి. డబ్బా అడుగున ఒక కోడ్, సీసా అడుగున ఒక కోడ్ ఉంటాయి. చాలా కంపెనీల సరుకులో రెండూ ఒక్కటే. ఉదాహరణకు డబ్బా మీద 4K21, సీసా మీద 8M03 ఉన్నాయనుకోండి. ఆ సీసా ఆ డబ్బాలోది కాదు. ఖాళీ డబ్బాలు కొని వేరే సీసాలు పెట్టేవాళ్లకు ఇది దొరకని లెక్క. రెండూ కలిసినా, కోడ్ 2017 అని చెప్పి, దిగుమతిదారు స్టిక్కర్ మీద తయారీ 2024 అని ఉంటే అదీ తేడానే.

ఆ స్టిక్కర్ మన దేశంలో పెద్ద ఆధారం. చట్టబద్ధంగా దిగుమతై ఇక్కడ అమ్మే సెంటు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దుబాయ్ నుంచి మామూ తెచ్చిన సీసా మీద ఇది ఉండదు, దాన్ని నకిలీ అనలేం. ఇండియాలో అమ్మే సెల్లర్ పంపిన దాని మీద లేకపోతే మాత్రం అడగాల్సిందే.

పైనున్న ప్లాస్టిక్ కవరు సంగతి తక్కువ నమ్మాలి. అసలు డబ్బాకు చివర్లు బిగుతుగా, సమానంగా మడిచి వేడితో అంటించి ఉంటాయి. వదులుగా ఉంటే, జిగురు మరకలు కనిపిస్తే అనుమానమే. కానీ నీటుగా మళ్లీ చుట్టే మెషీన్లు బజార్లో దొరుకుతాయి.

కవరు చింపేముందే ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి, రెండు కోడ్‌లూ ఆపకుండా ఒకే షాట్‌లో తీయాలి. నకిలీ సరుకును వెనక్కి తీసుకోనని సెల్లర్ అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. ప్లాట్‌ఫామ్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు.