కురుపాంలో ‘ఏ’ వచ్చింది. ‘ఇ’ వస్తే మన గర్భిణుల గతేంటి?

2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లతో వందమందికి పైగా పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. పరీక్షల్లో హెపటైటిస్-ఏ అని తేలింది. ‘ఏ రకమే కదా, అదే తగ్గిపోద్ది’ అనే మాట అప్పటినుంచి చాలామంది నోట వింటున్నాను. ఆ మాటతోనే నా పేచీ.

‘ఏ’ వచ్చిన దారే హెపటైటిస్-ఇ దారి కూడా. రోగి మలంలోంచి గెడ్డలోకి, ఊటలోకి, పగిలిన పైపులోకి, అక్కడ్నుంచి మన బిందెలోకి. చెప్పుకోడానికి సిగ్గే, కానీ సంగతి అది. 2005లో హైదరాబాదులో మురుగు కాలువల మీదుగా పోయే తాగునీటి పైపుల వల్ల ప్రబలింది ఈ ‘ఇ’ రకమే.

మామూలు మనిషికి ‘ఇ’ వచ్చినా ఎక్కువగా కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం పసరుకి, చేతి మీద పెట్టిన వాతకి వస్తుంది. నెలలు నిండుతున్న ఆడమనిషి దగ్గర ఈ లెక్క తప్పుతుంది. చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాలేయం కొద్ది రోజుల్లోనే చేతులెత్తేస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు తయారయ్యేది అక్కడే కాబట్టి, కాన్పులో రక్తం ఆగదు. విషాలు మెదడుకెక్కి మనిషి పగలు మత్తుగా పడుకుంటుంది, తడబడి మాట్లాడుతుంది. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు. కడుపులో బిడ్డ కూడా పోవచ్చు. వైరస్‌ని చంపే మందు గర్భిణికి లేదు, పెద్దాసుపత్రిలో కాలేయాన్ని కాచుకోవడమే. కాబట్టి కళ్లు పచ్చబడ్డ గర్భిణిని మత్తు వచ్చేదాకా ఉంచకూడదు, ఆ రోజే కదిలించాలి. డోలీ మోసే ఊళ్లో ఆ ఒక్కరోజు ఎంతో మీకు తెలుసు.

ఇప్పుడు అధికారులకు ఒక మాట. కామెర్లు కనబడగానే సీసాలో నీళ్లు పట్టుకెళ్లి ‘బాగున్నాయి’ అంటారు. ఆ పరీక్ష చూసేది బాక్టీరియాని, వైరస్‌ని కాదు. పైగా ‘ఇ’ ఒంట్లోకి చేరాక బయటపడటానికి 2 నుంచి 10 వారాలు పడుతుంది. ఇవాళ కళ్లు పచ్చబడ్డ మనిషి తాగింది నెల కిందటి నీళ్లు!

అందుకే మనం అడగాల్సింది వేరు. ఒక ఊళ్లో ఇద్దరికి కామెర్లొస్తే రక్తంలో ‘ఏ’తో పాటు ‘ఇ’కి కూడా ఐజీఎం పరీక్ష చేయాలి. ఆ ఊరి గర్భిణుల జాబితా ఆశా దగ్గర ఉంటుంది. ఒక్కొక్కరి కళ్లూ చూడాలి, ఆ రోజునుంచే వాళ్లకి మరగబెట్టిన నీళ్లివ్వాలి. బ్లీచింగ్ చల్లి ఫోటో తీసుకోవడం చాలదు. బురద నీటిలో క్లోరిన్ బలం తగ్గిపోద్ది. నీళ్లు తేటపడ్డాక కలిపి, అరగంట ఆగి, క్లోరోస్కోప్‌తో కొళాయి దగ్గర కొలిచి లీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉందని ఊరివాళ్లకే చూపించాలి. మీ ఊళ్లో ఆ కొలత ఎప్పుడు తీశారో, ఎంత వచ్చిందో రేపే సచివాలయానికెళ్లి రాతపూర్వకంగా అడగండి.